లక్ష రూపాయల బాండు, పన్నెండు వేల పిలుపు

1992లో ఐడీబీఐ ఒక బాండు అమ్మింది. ఇవాళ 2,700 రూపాయలు కట్టండి, పాతికేళ్ళ తర్వాత లక్ష రూపాయలు తీసుకోండి అన్నది దాని సారాంశం. మధ్యలో ఏటేటా వడ్డీ చేతికి రాదు, అంతా చివర్లో ఒకేసారి. దీన్ని డీప్ డిస్కౌంట్ బాండు అన్నారు. మూడు వేలలోపు పెట్టుబడితో లక్ష అంటే ఆ రోజుల్లో మామూలు మాట కాదు. పసిపిల్ల పేరున ఒకటి కొని పెట్టెలో పడేస్తే పెళ్ళినాటికి అక్కరకొస్తుందని లెక్క వేసుకునే రకం పత్రం అది. కొన్నవాళ్ళ మనసులో నిలిచిన అంకె ఒక్కటే, లక్ష.

పత్రం మీద ఇంకో షరతు కూడా ఉంది. మధ్యలో కొన్ని తేదీల్లో, ముందే రాసిపెట్టిన ధర చెల్లించి, బాండును వెనక్కి తీసుకునే హక్కు ఐడీబీఐది. 2002 మార్చి 31న ఆ హక్కును వాడుకుంది. బాండుకు 12,000 రూపాయలు ఇస్తాం, లెక్క సరి అంది. లక్ష కోసం పదేళ్ళు ఆగినవాళ్ళకు పన్నెండు వేలు చేతికొచ్చాయి.

ఇందులో మోసం లేదు, షరతు ముందే ఉంది. ఇలా అప్పు తీసుకున్నవాడు గడువుకు ముందే వెనక్కి పిలుచుకోగల బాండును కాలబుల్ బాండు అంటారు. పిలిచే హక్కు కాల్ ఆప్షన్, పిలిచే రోజు కాల్ తేదీ, ఆ రోజు ఇచ్చే సొమ్ము కాల్ ధర. ఈ హక్కు కంపెనీది. బాండు కొన్న మనం వద్దని చెప్పలేం, ఇంకో రెండేళ్ళు ఉంచమని బతిమాలలేం.

కంపెనీ ఎప్పుడు పిలుస్తుందో ఊహించడం కష్టమేమీ కాదు. ఇంటి అప్పు ఉన్నవాళ్ళకు ఇది అనుభవమే. తొమ్మిదిన్నర శాతానికి తీసుకున్న అప్పు నడుస్తుండగా పక్క బ్యాంకు ఎనిమిదికే ఇస్తానంటే, అక్కడ తీసుకుని ఇక్కడ తీర్చేస్తాం. కంపెనీ చేసేదీ అదే. ఐడీబీఐ లెక్క చూడండి. 2002లో 12,000 ఇచ్చి వదిలించుకోకపోతే 2017లో లక్ష ఇవ్వాలి. అంటే ఆ మిగిలిన 15 ఏళ్ళూ ఏడాదికి సుమారు 15.2 శాతం చొప్పున మోయాలి. ఆ సమయానికి పదేళ్ళ ప్రభుత్వ బాండ్ల మీద రాబడి ఏడున్నర శాతం దరిదాపుల్లోకి దిగిపోయింది. బయట అప్పు అంత చౌకైపోయాక 15 శాతం అప్పును ఎవరు ఉంచుకుంటారు?

రాబడిని ఆంగ్ల పత్రికలైనా మన వ్యాపార పేజీలైనా ఈల్డ్ అనే రాస్తాయి. ఇవాళ కట్టిన ధరకూ, ముందుముందు రాబోయే సొమ్ముకూ సరిపోయే వార్షిక వడ్డీ రేటు అది. బాండును చివరిదాకా ఉంచితే వచ్చే రేటు ఈల్డ్ టు మెచ్యూరిటీ. ఫలానా కాల్ తేదీన కాల్ ధరకు పిలిచేశారనుకుంటే వచ్చే రేటు ఈల్డ్ టు కాల్. కాల్ తేదీలు నాలుగుంటే ఈల్డ్ టు కాల్‌లు కూడా నాలుగు. వీటన్నిటితోపాటు గడువుదాకా ఉంచితే వచ్చే రేటునూ వరసలో పెట్టి, అన్నిటికన్నా చిన్నదాన్ని పట్టుకుంటే అదే ఈల్డ్ టు వరస్ట్. తేదీ నిర్ణయించేది ఎదుటివాడు కాబట్టి, అతని నిర్ణయం మనకు ఎంత ప్రతికూలంగా ఉండగలదో ముందే చూసుకోవడం అన్నమాట.

దీని అసలు పదును పాత బాండును ముఖవిలువకన్నా ఎక్కువ ధరకు కొనేటప్పుడు తెలుస్తుంది. ఒక కల్పిత కంపెనీని తీసుకుందాం. ముఖవిలువ 1,000 రూపాయలు, ఏటా 10 శాతం కూపన్, అంటే ఏడాదికి 100 రూపాయల వడ్డీ. గడువు ఇంకా 8 ఏళ్ళుంది. అయితే 2 ఏళ్ళ తర్వాత మొదలుపెట్టి, ప్రతి వడ్డీ తేదీనా 1,000 రూపాయలకే వెనక్కి పిలవచ్చు. ఈ బాండు బజారులో 1,080 రూపాయలకు దొరుకుతోంది. మొన్ననే ఈ ఏటి వడ్డీ ఇచ్చేశారు కాబట్టి మధ్యలో పేరుకున్న వడ్డీ గొడవ లేదనుకుందాం.

అమ్మే మనిషి ముందుగా చెప్పే మాట, "నూరు రూపాయల వడ్డీ వస్తుందండీ, 1,080 మీద 9.26 శాతం పడుతుంది." ఇది కరెంట్ ఈల్డ్. భాగహారం తప్పేమీ కాదుగాని, చివర్లో 1,080కి బదులు 1,000 మాత్రమే తిరిగొస్తుందన్న సంగతి ఇందులో లేదు. ఆ 80 రూపాయల నష్టాన్ని 8 ఏళ్ళ మీద పరిస్తే రేటు 8.58 శాతానికి దిగుతుంది. అది ఈల్డ్ టు మెచ్యూరిటీ. ఇక్కడిదాకా చాలామంది వస్తారు.

ఇప్పుడు 2 ఏళ్ళకే పిలిచేశారనుకోండి. మనం కట్టింది 1,080. వచ్చేది మొదటి ఏడాది 100, రెండో ఏడాది 100, దాంతోపాటు అసలు 1,000. మొత్తం 1,200. అంటే రెండేళ్ళలో మిగిలింది 120 రూపాయలే. 80 రూపాయల నష్టాన్ని మోయడానికి 8 ఏళ్ళున్నాయనుకున్నాం, చూస్తే రెండే ఉన్నాయి. లెక్క తేల్చితే 5.66 శాతం. కంప్యూటర్లో ఎక్సెల్ ఉన్నవారు రెండు గడుల్లో ఇవి కొట్టి చూడవచ్చు:

```
=RATE(8,100,-1080,1000)
=RATE(2,100,-1080,1000)
```

మొదటి అంకె ఎన్నేళ్ళు ఉంచుతామన్నది, రెండోది ఏటా వచ్చే వడ్డీ, మూడోది మనం కట్టిన ధర (జేబులోంచి పోయింది కనుక ముందు మైనస్), చివరిది తిరిగొచ్చే సొమ్ము. మొదటి గడిలో 8.58, రెండోదాంట్లో 5.66 కనిపిస్తాయి. గడిలో ఉత్త 9 శాతం అనో 6 శాతం అనో వస్తే, దశాంశాలు చూపించమని అడగాలి. ఏళ్ళ చోట 3 పెడితే 6.95, 5 పెడితే 8 శాతం వస్తుంది. ఎంత ఆలస్యంగా పిలిస్తే మనకు అంత మేలు, ఎంత త్వరగా పిలిస్తే అంత కీడు. కాబట్టి ఈ బాండుకు ఈల్డ్ టు వరస్ట్ 5.66 శాతం, ఆ గండం ఉన్నది మొదటి కాల్ తేదీన.

అలా పిలుస్తారని నమ్మకమేమిటి అనొచ్చు. ఇలాంటి కంపెనీకే, పిలుపు షరతు లేని అప్పు ఇప్పుడు 7 శాతానికి దొరుకుతోందనుకుందాం. పాత బాండును ఉంచుకుంటే బాండుకు ఏటా 100 రూపాయలు కట్టాలి. పిలిచేసి కొత్త అప్పు తెస్తే 70 చాలు. ఒక్కో బాండు మీద ఏటా 30 రూపాయల చొప్పున ఆరేళ్ళు ఆదా. కొత్త ఇష్యూకు అయ్యే ఖర్చులు తీసేసినా, ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి ఆ కాల్ తేదీని క్యాలెండరులో ఎర్రసిరాతో గుర్తు పెట్టుకునే ఉంటాడు.

ఇదే 7 శాతంతో ధర సంగతీ చూడండి. పిలిచే హక్కు అసలు లేకపోతే, ఏటా 100 చొప్పున 8 ఏళ్ళు ఇచ్చే ఈ బాండు 1,179 రూపాయలు పలకాలి. రెండేళ్ళకే పిలవడం ఖాయమైతే దాని విలువ 1,054 మాత్రమే. బజారులో అడుగుతున్నది 1,080. చూడ్డానికి 1,179 విలువైన సరుకు 1,080కి వస్తున్నట్టు, చవకబేరంలా ఉంటుంది. నిజానికి 1,054 విలువైనదానికి 26 రూపాయలు ఎక్కువ పెడుతున్నాం, పిలవరేమోనన్న ఆశకు. వడ్డీ రేట్లు పడిపోయినప్పుడు మామూలు బాండు ధర పైకి పోతూనే ఉంటుంది. కాలబుల్ బాండు ధర మాత్రం కాల్ ధర దగ్గరికి వచ్చేసరికి బరువెక్కినట్టు నత్తనడక నడుస్తుంది. రేట్లు పెరిగితే మాత్రం మిగతావాటితో పాటే కిందికి జారుతుంది, అక్కడ దానికే రాయితీ లేదు. ఈ అన్యాయానికి పరిహారంగానే కాలబుల్ బాండ్లలో కూపన్ కాస్త ఎక్కువ పెడతారు. ఆ ఎక్కువ చూసే జనం మోజుపడతారు.

అందుకే బాండ్లను పోల్చి చూసేవాళ్ళు 8.58ని పక్కన పెట్టి 5.66నే పట్టుకుంటారు. పక్కనున్న 7 శాతం సాదా బాండుతో 5.66 పోటీ పడలేకపోతే, దీన్ని కొనడానికి వేరే బలమైన కారణం ఉండాలి. మొదటి కాల్ తేదీ ఇంకా దగ్గరగా ఉంటే సంగతి మరీ ఘోరం. అర్ధ సంవత్సరానికోసారి వడ్డీ ఇచ్చే ఇలాంటి బాండును ఆరు నెలల్లో కాల్ తేదీ ఉండగా 1,080 పెట్టి కొంటే, వచ్చేది 50 వడ్డీ, 1,000 అసలు. కట్టినదాంట్లోనే 30 రూపాయలు పోతాయి. తెర మీద మాత్రం 10 శాతం కూపన్ మెరుస్తూనే ఉంటుంది.

అదే బాండు 940 రూపాయలకు దొరికితే కథ తిరగబడుతుంది. రెండేళ్ళకు పిలిస్తే 60 రూపాయల లాభం త్వరగా చేతికొస్తుంది, ఈల్డ్ టు కాల్ 13.6 శాతం. 8 ఏళ్ళూ ఉంచితే 11.2. ఇక్కడ చిన్నది గడువుదాకా ఉంచితే వచ్చేదే, కాబట్టి ఈల్డ్ టు వరస్ట్ 11.2. ఈ సందర్భంలో ఎవరైనా 13.6 చూపించి అమ్మబోతే నవ్వుకుని ఊరుకోవచ్చు. బాండు 940కి పడిపోయిందంటేనే కంపెనీకి ఇవాళ 10 శాతానికి అప్పు పుట్టడం లేదని అర్థం. చవకగా ఉన్న పాత అప్పును అది ఎందుకు తీరుస్తుంది? కొన్నిచోట్ల కాల్ ధర మొదట్లో 1,020, తర్వాత 1,010, ఆపైన 1,000 అని మెట్లు మెట్లుగా దిగుతుంది. అలాంటప్పుడు మాత్రం ఊహలు పనికిరావు, ప్రతి తేదీకీ లెక్క వేసి చూడాల్సిందే.

ఇక్కడ మళ్ళీ ఐడీబీఐ బాండు దగ్గరికి రావాలి, ఎందుకంటే అది ఈ పద్ధతికి ఒక చిక్కుప్రశ్న వేస్తుంది. 2,700 పాతికేళ్ళలో లక్ష కావాలంటే ఏటా సుమారు 15.5 శాతం. 2,700 పదేళ్ళలో 12,000 కావాలంటే 16.1 శాతం. అంటే పిలిస్తే వచ్చే ఈల్డే ఎక్కువ! ఈ రెండు తేదీలనే పక్కపక్కన పెడితే, పుట్టినరోజున ఈ బాండుకు ఈల్డ్ టు వరస్ట్ గడువుదాకా ఉంచితే వచ్చే 15.5. ఐడీబీఐ పిలిచి, లెక్క ప్రకారం మనకు మేలే చేసింది. మరి కొన్నవాళ్ళు ఎందుకు ఉసూరుమన్నారు?

ఆ 12,000ను 2002లో ఎక్కడ పెట్టాలన్నది వాళ్ళ ప్రశ్న. ఏడున్నర శాతానికి పెట్టారనుకుందాం. 2017 నాటికి అది సుమారు 35,500 అవుతుంది. లక్ష ఎక్కడ, 35,500 ఎక్కడ. మొదటి పదేళ్ళూ 16 శాతం, ఆ తర్వాతి పదిహేనేళ్ళూ ఏడున్నర, కలిపి పాతికేళ్ళ సగటు తీస్తే 10.9 శాతం. ఈ అంకె బాండు పత్రం మీద గాని, ఈల్డ్ టు కాల్‌లో గాని, ఈల్డ్ టు వరస్ట్‌లో గాని ఎక్కడా కనిపించదు. ఈల్డ్ టు వరస్ట్ బాండు బతికున్నంత కాలం గురించే మాట్లాడుతుంది. బాండు పోయాక మన డబ్బు ఏమవుతుందన్నది దాని పరిధిలో లేదు. పిలుపు వచ్చేదే రేట్లు పడిపోయిన కాలంలో గనక, ఆ ఖాళీ ఎప్పుడూ చెడ్డ సమయంలోనే మన మీద పడుతుంది. పదేళ్ళ తర్వాత కూతురి చదువుకు ఫలానా మొత్తం కావాలి అని లెక్క వేసుకునే మనిషికి అధిక ధర ఒక చిన్న బెడద మాత్రమే, పెద్ద బెడద ఈ మధ్యలో తెగిపోవడమే. అలాంటివారికి పిలుపు షరతు లేని బాండు ఒకటి, రెండు పాళ్ళు తక్కువ ఇచ్చినా మంచిదని నా అభిప్రాయం.

పత్రంలో లేని పిలుపు కూడా ఒకటి వచ్చింది. గుజరాత్‌లోని సర్దార్ సరోవర్ నర్మదా నిగమ్ 1993లో 3,600 రూపాయలకు ఒక్కో బాండు అమ్మి, 2014 జనవరిలో 1,11,000 ఇస్తానంది. మధ్యలో బయటపడే అవకాశం కొన్నవాళ్ళకు ఇచ్చింది, తనకు మాత్రం పిలిచే హక్కు పెట్టుకోలేదు. భారం తెలిసొచ్చాక, 2008లో గుజరాత్ శాసనసభ చట్టం చేసి మరీ నిగమ్‌కు ఆ హక్కు కట్టబెట్టింది. 2009 జనవరిలో బాండుకు 50,000 చొప్పున ఇచ్చి వెనక్కి తీసుకుంది. ఇంకో ఐదేళ్ళు ఆగితే 1,11,000 వచ్చేది, అంటే ఆ ఐదేళ్ళకే ఏటా 17 శాతం పైమాట. చట్టానికి ముందు ఎవరైనా 50,000కన్నా ఎక్కువ పెట్టి ఈ బాండు కొని ఉంటే, వారికి ఏ లెక్కా ముందుగా చెప్పని నష్టం అది. ఈల్డ్ టు వరస్ట్ అంటే కాగితం మీద రాసి ఉన్నవాటిలో వరస్ట్, అంతే.

దీనికి ఎదురు దిశలో ఉన్న ఇబ్బంది బ్యాంకుల ఏటీ1 బాండ్లది. వీటికి గడువు తేదీ అంటూ ఉండదు. అయిదేళ్ళ తర్వాత రిజర్వు బ్యాంకు అనుమతితో బ్యాంకు పిలవవచ్చు, పిలవకపోనూ వచ్చు. మెచ్యూరిటీయే లేదు గనక అమ్మేవాళ్ళు చెప్పే అంకె ఈల్డ్ టు కాల్. అయిదేళ్ళ డిపాజిట్ లాంటిదేనండీ అన్నట్టు వినిపిస్తుంది. స్పెయిన్‌కు చెందిన శాంటాండర్ బ్యాంకు 2019 ఫిబ్రవరిలో ఇలాంటి బాండును పిలిచే తేదీ వచ్చినా పిలవకుండా వదిలేసినప్పుడు, పిలవడం ఆనవాయితీయే తప్ప బాధ్యత కాదని అందరికీ గుర్తొచ్చింది. మన సెబీ కూడా ఈ విషయంలో అటూ ఇటూ ఊగింది. 2021 మార్చిలో మ్యూచువల్ ఫండ్లు వీటిని వందేళ్ళ బాండ్లుగా భావించి విలువ కట్టాలంది. గగ్గోలు రేగితే ఆ నెలలోనే పదేళ్ళతో మొదలెట్టి మెట్లెక్కించింది. 2024 ఆగస్టుకు వచ్చేసరికి, విలువ కట్టేటప్పుడు ఈల్డ్ టు కాల్‌నే తీసుకోవచ్చని ఒప్పుకుంది, బజారు వాటి ధరను ఆ తేదీ చూసే వేస్తోందని. అయితే ఈ లెక్కలన్నీ చెప్పిన సొమ్ము చెప్పినట్టు వస్తుందనే ఊహ మీద నిలబడినవి. 2020 మార్చిలో యెస్ బ్యాంకు 8,415 కోట్ల ఏటీ1 బాండ్లను మొత్తంగా రద్దు చేసినప్పుడు కాల్ తేదీ ఎప్పుడన్నది ఎవరికీ అవసరం పడలేదు.

బాండ్లు అమ్మే ఆన్‌లైన్ వేదికల్లో ఏదైనా బాండు నచ్చితే, ఈల్డ్ అని పెద్ద అక్షరాల్లో ఉన్నదాని పక్కన చిన్న అక్షరాల్లో ఏముందో చూడాలి. మెచ్యూరిటీదా, కాల్‌దా, వరస్ట్‌దా? అది రాసి లేకపోతే ఇన్ఫర్మేషన్ మెమొరాండంలో కాల్ ఆప్షన్ అన్న శీర్షిక వెతికి, మొదటి కాల్ తేదీ, కాల్ ధర తీసుకుని, పైన చెప్పిన గడిలో కొట్టుకోవడమే. పావుగంట పని.

కొన్నాక కూడా ఒక పని మిగులుతుంది. ఇప్పటి సెబీ నిబంధనల ప్రకారం పిలిచే ముందు కనీసం 21 రోజుల నోటీసు ఇవ్వాలి, డీమ్యాట్ ఖాతా ఉన్నవాళ్ళకు సొమ్ము నేరుగా బ్యాంకులో పడుతుంది. 1992 నాటి కాగితపు బాండ్లకు ఆ సుఖం లేదు. ఇల్లు మారినవాళ్ళు, నోటీసు అందనివాళ్ళు, తండ్రి కొన్న పత్రం సంగతే తెలియని పిల్లలు ఎందరుంటారో. పిలిచిన తేదీతో వడ్డీ ఆగిపోతుంది. 2017లో పెట్టె తెరిచి, లక్ష వస్తుందని ఆ బాండు పట్టుకెళ్ళిన మనిషికి షరతుల ప్రకారం దక్కేది 2002 నాటి ఆ 12,000. పాతికేళ్ళ మీద పరిస్తే ఏటా 6.15 శాతం.